పట్టికకు ఫొటో తీయడం: లాటు నంబరు పక్క వరుసలోకి ఎలా పోయింది (ప్రాజెక్టు డైరీ, గుంటూరు)

మే 6

మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చారు. బాబాయ్ ఒక కమీషన్ దుకాణంలో పాతికేళ్లుగా గుమాస్తా. మామూలుగా అయితే ఈ నెలలో ఆయన మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం వాకింగ్. ఈసారి మాత్రం మూడు లావుపాటి పుస్తకాలు సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. దుకాణం కంప్యూటర్ ఎప్పుడో చెడిపోయింది, అందులోని లెక్కలూ పోయాయి. మిగిలింది ఆ రోజుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద తీసి బైండు చేయించిన ఈ కాగితాలే. వీటిని ఎక్సెల్‌లోకి ఎక్కించాలి.

ఎడమ నుంచి కుడికి తేదీ, లాటు నంబరు, రైతు పేరు, రకం, టిక్కీలు అంటే బస్తాల లెక్క, క్వింటాళ్లలో బరువు, ధర, మొత్తం. పేరూ రకమూ కూడా ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే ఉన్నాయి కాబట్టి తెలుగు గుర్తింపు ఇబ్బంది లేదు. పేజీకి 60 వరుసలు. ఒక పుస్తకంలో 214 పేజీలు. కాగితానికి ఒక్క పక్కే అచ్చు, బైండు ఎడమ వైపు.

స్కానర్ మీద పెడదామంటే పుస్తకం మూత పడదు. బైండు విప్పుదామంటే యజమాని ఒప్పుకోలేదట. "పుస్తకం ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా" అన్నారని బాబాయ్ చెప్పారు. కాబట్టి ఫోనే గతి.

మే 7

మొదట చేత్తో పట్టుకుని పది పేజీలు తీశాను. ఫొటోలు కంటికి బాగానే ఉన్నాయి. ఫొటోలోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌కు ఇస్తే అంకెల పులుసు వచ్చింది. 8కి 0, 6కి 5. కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కరలేకపోయింది: ఒక అంకెను పెద్దది చేసి చూస్తే దాని ఎత్తు 16 పిక్సెళ్లు మాత్రమే. నీడ పడుతుందని దూరం జరిగి తీశాను, అందుకే అంత చిన్నదైంది.

ఎంత దగ్గరికి పోవాలో లెక్క వేసుకున్నాను. నా ఫోను ఫొటో పొడవు 4000 పిక్సెళ్లు. కాగితం పొడవు 12 అంగుళాలు, అంటే 305 మిల్లీమీటర్లు. చుట్టూ కాస్త అంచు వదిలితే ఫొటోలో 345 మిల్లీమీటర్లు పట్టాలి. అప్పుడు మిల్లీమీటరుకు 11.6 పిక్సెళ్లు. ఈ ప్రింటర్ అంకె ఎత్తు సుమారు 2.4 మిల్లీమీటర్లు కాబట్టి 28 పిక్సెళ్లు వస్తాయి. టెసరాక్ట్‌కు అంతమాత్రం ఉంటే తడబాటు బాగా తగ్గుతుంది. దీనికి లెన్సు కాగితానికి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంత దగ్గరగా చేత్తో పట్టుకుంటే నా తల నీడ సగం పేజీ మీద పడుతోంది.

ఇంట్లో మామిడిపండ్ల అట్టపెట్టె ఉంది. పక్కలు కోసేసి, పైన లెన్సు కోసం బెజ్జం చేసి, ఫోను దాని మీద లెన్సు కిందికి చూసేలా పడుకోబెట్టాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది. టైమరు పెడితే చేతి వణుకు కూడా లేదు. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

ఇంకో చిన్న సంగతి. ఈ ప్రింటర్ అక్షరం చుక్కల ముగ్గులాంటిది. ఫొటో మరీ స్పష్టంగా వస్తే చుక్కలు విడివిడిగా కనిపించి, గుర్తించే ప్రోగ్రామ్ తికమకపడుతుంది. ఫొటోను ఒకటిన్నర పిక్సెలు మేర మసక చేస్తే చుక్కలు కలిసి గీత అవుతాయి, అంకెలు వెంటనే మెరుగుపడ్డాయి. ఫొటో వీలైనంత స్పష్టంగా ఉండాలన్న నా నమ్మకానికి ఇది మొదటి దెబ్బ.

మే 9

నలభై పేజీలు అయ్యాయి. టెసరాక్ట్‌ను మామూలు వాక్యాల రూపంలో కాక, ప్రతి పదం ఫొటోలో ఎక్కడ ఉందో చెప్పే పట్టిక రూపంలో అడుగుతున్నాను:

```
tesseract p041.png p041 -l eng --psm 6 tsv
```

పేజీ మొత్తాన్ని ఒకే దిమ్మెగా చూడమని `--psm 6` చెబుతుంది. అది లేకపోతే ఒక్కో నిలువు వరుసను పత్రికలోని కాలమ్ అనుకుని, తేదీలన్నీ ముందు, లాట్లన్నీ తర్వాత చదువుకుంటూ పోతుంది. ఇలా వచ్చిన ఫలితంలో ప్రతి పదానికీ `left`, `top`, `width`, `height` ఉంటాయి. వరుసల దూరం అంగుళానికి ఆరు, అంటే 4.23 మిల్లీమీటర్లు, నా ఫొటోలో 49 పిక్సెళ్లు. ఏ పదం ఏ వరుసదో దీన్నిబట్టే తేలుస్తున్నాను:

```
row = round((top + height/2 - y0) / 49)
```

ఇక్కడ `y0` పేజీలోని మొదటి తేదీ ఉన్న ఎత్తు. పదం పై అంచును కాక మధ్య భాగాన్ని లెక్కించడం ఎందుకంటే, చుక్క, కామా లాంటివి కిందికి వాలి ఉంటాయి.

వరుస సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది: బరువును ధరతో గుణిస్తే మొత్తం రావాలి. 9.46 క్వింటాళ్లు, ధర 11,500, మొత్తం 1,08,790. కింది వరుసలో 13.12 క్వింటాళ్లు, ధర 10,800, మొత్తం 1,41,696. అంకెల మధ్య కామాలను ప్రోగ్రామ్ చుక్కలుగా చదివినా బాధ లేదు, ధరలో, మొత్తంలో అవన్నీ తీసేస్తున్నాను.

నిన్నటి పేజీలు ఈ పరీక్షలో బాగా నెగ్గాయి. ఈ రోజువి ఘోరంగా ఓడిపోయాయి. ఓడిన తీరు చూస్తేనే విచిత్రంగా ఉంది. పేజీ మధ్యలోని వరుసలన్నీ సరిగ్గా ఉన్నాయి. పై భాగంలో 9.46 పక్కన 10,800, 1,41,696 వచ్చి కూర్చున్నాయి. అంటే బరువు ఈ వరుసది, ధరా మొత్తమూ కింది వరుసవి. పేజీ అడుగున దీనికి తలకిందులు: ధర, మొత్తం పై వరుసవి.

అంకె తప్పు చదివితే అక్కడొకటి ఇక్కడొకటి తప్పు పడుతుంది. ఇలా వరసగా పది పన్నెండు ఒకేసారి తప్పితే, అంకెలు చదవడంలో లోపం లేదు, వరుస జారిందని అర్థం.

మొదట ఫొటో తిరిగిందేమో అనుకుని అర డిగ్రీ తిప్పి చూశాను. పై వరుసలు బాగుపడ్డాయి, అడుగువి ఇంకా చెడ్డాయి. రెండో వైపు తిప్పితే అడుగు బాగుపడి పైభాగం చెడింది. అప్పుడు ఫొటో మీద స్కేలు గీతలు గీసి చూస్తే తెలిసింది. వరుసలు ఒకదానికొకటి సమాంతరంగా లేవు. విసనకర్రలా ఉన్నాయి, కుడివైపు విచ్చుకుని.

రాత్రి అట్టపెట్టెను చూశాను. పైఅట్ట మధ్య మడత దగ్గర కుంగింది. ఫోను కుడివైపు ఒరిగి ఉంది. రెండు రోజులు బరువు మోసి అట్ట అలసిపోయినట్టుంది.

మే 10

ఎంత ఒరిగితే ఎంత జారుతుందో కాగితం మీద లెక్క చేశాను, ఎందుకంటే అంత చిన్న ఒరుగు ఇంత పని చేస్తుందని నమ్మబుద్ధి కాలేదు.

అచ్చు వెడల్పు 195 మిల్లీమీటర్లు. ఫోను పక్కకు 2 డిగ్రీలు ఒరిగితే, లెన్సు దృష్టిలో కుడి అంచు ఎడమ అంచు కంటే దాదాపు 7 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. లెన్సు 250 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి కుడి అంచు ఎడమదాని కంటే 2.7 శాతం పెద్దగా పడుతుంది. పేజీ నడుమ ఉన్న వరుసకు దీనితో ఏమీ కాదు. నడుమ నుంచి 127 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న మొదటి వరుసకు 2.7 శాతం అంటే 3.5 మిల్లీమీటర్లు. వరుసల దూరం 4.23. ఎడమ అంచున ఉన్న తేదీ నుంచి కొలుస్తున్నాను కాబట్టి, అందులో సగం, అంటే 2.1 మిల్లీమీటర్లు దాటిన చోట పదం పక్క వరుసకు చెందినట్టు తేలుతుంది. నా పట్టికలో ఆ చోటు సరిగ్గా బరువుకూ ధరకూ నడుమ పడింది.

రెండు డిగ్రీల ఒరుగును కంటితో పట్టుకోలేం. ఎత్తు పెంచితే ఈ తేడా తగ్గుతుంది గానీ అంకెలు మళ్లీ 16 పిక్సెళ్లకు దిగిపోతాయి. పేజీ నాలుగు మూలలూ గుర్తుపెట్టి ఫొటోను దీర్ఘచతురస్రంగా సాగదీసే పద్ధతి ఉంది, స్కానింగ్ యాప్‌లు చేసేది అదే. కాగితం బల్లపరుపుగా ఉంటే అది ఒరుగును చక్కగా సరిచేస్తుంది. నాకు మూలలే దొరకడం లేదు. కాగితం పక్కన చిల్లుల పట్టీ కొన్ని చోట్ల చిరిగింది, ఎడమ అంచు బైండు లోపలికి పోయింది. యాప్ ఒక్కో పేజీకి ఒక్కో చోట మూల వెతుక్కుంటోంది.

అందుకే మూలంలోనే సరిచేయడం మేలనిపించింది. అట్ట పోయి ప్లైవుడ్ ముక్క వచ్చింది, కింద నాలుగు ఇటుకలు. ఫోను నిటారుగా కిందికే చూస్తోందని తెలుసుకోవడానికి పిన్ని చేతి అద్దం అడిగాను. పేజీ మధ్యలో అద్దం పెట్టి, తెర మీద చూస్తే అద్దంలో ఫోను వెనుకవైపు కనిపిస్తుంది. అందులో లెన్సు ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యకు వచ్చిందంటే లెన్సు అద్దానికి నిటారుగా ఉన్నట్టే. రాకపోతే ప్లైవుడ్ కింద మడతపెట్టిన కాగితం దూర్చాలి. రెండు నిమిషాల పని. మధ్యను కచ్చితంగా చూడటానికి కెమెరాలో అడ్డగీతలు పెట్టుకున్నాను.

ఈ రోజు తీసిన ఇరవై పేజీల్లో జారిన వరుస ఒక్కటీ లేదు. గుణకారం పరీక్షలో పడిపోయినవి పద్నాలుగు, అవన్నీ ఒంటరి అంకె తప్పులే.

మే 13

గర్వం మూడు రోజులు నిలిచింది.

తొంభై పేజీలు ఎక్సెల్‌లో పెట్టి బాబాయ్‌కి చూపించాను. ఆయన పుస్తకం తెరిచి, వేలు పెట్టి, ఒక్కో వరుసా సరిచూడటం మొదలుపెట్టారు. నాకు విసుగొచ్చింది. "గుణకారం అంతా సరిపోయింది బాబాయ్, తప్పు ఉండదు" అన్నాను.

"గుణకారం సరిపోయింది సరే, ఈ మిరపకాయలు ఎవరివి?" అన్నారు. పుస్తకంలో 1186 లాటు రైతు బరువు, నా పట్టికలో 1187 లాటుకు ఉంది. దాని పైవరుసా అంతే. బరువు, ధర, మొత్తం ఒకదానితో ఒకటి చక్కగా కుదిరాయి, కానీ లాటు మాత్రం పక్కింటిది.

నా పరీక్ష కుడివైపు మూడు గడులనే చూస్తుంది. ఎడమ చివర ఏం జరుగుతోందో దానికి తెలియదు. గుణకారం అన్ని పేజీల్లో సరిపోతున్నందుకు ఇంకెక్కడా వెతకకపోవడం నా తప్పు.

జారిన పేజీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ముద్ర ఉంది. పేజీ మొదట్లో తేదీ, లాటు మాత్రమే ఉండి మిగతా గడులన్నీ ఖాళీగా ఉన్న ఒక ఒంటరి వరుస. దాదాపు పదిహేనో వరుస దగ్గర దీనికి వ్యతిరేకం: పేరు నుంచి మొత్తం వరకు అన్నీ ఉన్నాయి, లాటు లేదు, తలలేని మొండెంలా. నడుమ ముప్పై వరుసలు బాగున్నాయి. నలభై అయిదు దాటాక మరో మొండెం, చిట్టచివర మరో ఒంటరి లాటు.

కారణం బైండు. పుస్తకం తెరిస్తే కాగితం కుట్టు దగ్గర పైకి ఉబ్బుతోంది. ఉబ్బిన చోటు లెన్సుకు దగ్గర. దగ్గరైనది పెద్దదిగా పడి, ఫొటో మధ్య నుంచి బయటికి జరుగుతుంది. స్కేలుతో కొలిస్తే లాటు గడి దగ్గర ఉబ్బు 8 మిల్లీమీటర్లు. మొన్నటి లెక్కే మళ్లీ వేశాను. మొదటి వరుస నడుమ నుంచి 127 మిల్లీమీటర్ల దూరం, 8 మిల్లీమీటర్ల ఉబ్బుకు అది 4.2 మిల్లీమీటర్లు పైకి జరుగుతుంది. ఒక్క వరుస, అచ్చంగా! నడుమకూ పై అంచుకూ సగం దూరంలో అది 2.1 అవుతుంది, అంటే అర వరుస. పదిహేనో వరుస దగ్గర మొండెం ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. లెన్సు కిందున్న నడుమ భాగం ఎంత ఉబ్బినా ఫొటోలో పైకీ కిందికీ జరగదు.

నాలుగు మూలల సర్దుబాటు దీనికి పనికిరాదు. అది బల్లపరుపు కాగితానికి మాత్రమే. వంకర కాగితాన్ని ఫొటోలో చదును చేసే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, అవి వరుసల వంపును చూసి సరిచేస్తాయి. పేరాలకు బాగా నడుస్తాయి. నా పట్టికలో లాటుకూ పేరుకూ నడుమ ఇంత ఖాళీ ఉన్నప్పుడు, వంపు ఎక్కడికి పోతోందో ఊహించాల్సి వస్తుంది. ప్రయత్నించాను. ఆరు పేజీల్లో రెండు బాగుపడ్డాయి, రెండు అలాగే ఉన్నాయి, రెండింటిలో కొత్త వంకర వచ్చింది.

మే 15

పట్నంబజారు వైపు వెళ్లి 4 మిల్లీమీటర్ల మందం సాదా గాజు, 10 అంగుళాలకు 13, కోయించుకుని అంచులు అరగదీయించాను. పేజీ మీద గాజు పెట్టి ఎడమ అంచున కుట్టు దగ్గర నొక్కితే ఉబ్బు అణిగింది. పూర్తిగా కాదు. పుస్తకం మొదట్లో ఎడమ అట్ట కింద ఏమీ లేక కిందికి వేలాడుతోంది, అందువల్ల కుట్టు దగ్గర కాగితం మళ్లీ లేస్తోంది. ఎడమ అట్ట కింద పాత పత్రికలు దొంతరగా పెట్టి, రెండు వైపులా ఒకే ఎత్తు చేశాను. ప్రతి ముప్పై పేజీలకు ఎడమ కింది పత్రికలు కొన్ని తీసి కుడివైపు చేర్చాలి. ఇప్పుడు ఉబ్బు 1 మిల్లీమీటరు లోపే. దానివల్ల మొదటి వరుస జరిగేది అర మిల్లీమీటరు, పట్టించుకోనక్కరలేదు.

గాజు పెట్టగానే కొత్త తలనొప్పి. ట్యూబ్‌లైటు, సీలింగ్ ఫ్యాను, నా బనీను, అన్నీ అందులో కనిపిస్తున్నాయి. తెల్లని మెరుపు పడిన చోట అంకెలు మాయం. పైలైటు ఆర్పేసి, ప్లైవుడ్ అడుగున నల్ల చార్టు అంటించాను, బెజ్జం మాత్రం వదిలి. గాజుకు పైన కనిపించేది ఇక నల్లదనమే. వెలుగు రెండు పక్కల నుంచి రెండు టేబుల్ లైట్లు, బాగా వాలుగా. ఒక్క పక్క నుంచే పెడితే రెండో అంచు చీకటిగా వచ్చి, ఆ వైపు అంకెలు నల్ల మచ్చలుగా మారుతున్నాయి.

అనుకోని లాభం ఒకటి: ఇక పిన్ని అద్దం అక్కర్లేదు. పేజీ మార్చేటప్పుడు గాజు కింద నల్ల చార్టు ముక్క ఒకటి దూర్చితే గాజే అద్దమై లెన్సును చూపిస్తుంది. పైగా గాజు కాగితాన్నే అంటుకుని ఉంది కాబట్టి, చూపించేది పేజీ అసలు వాలును.

మొదటి తొంభై పేజీలూ మళ్లీ తీయాలి. బాబాయ్ పేజీలు తిప్పుతున్నారు, నేను టైమరు నొక్కుతున్నాను. పేజీకి 20 సెకన్లు. మధ్యలో కరెంటు పోయింది, మజ్జిగ తాగాం.

మే 18

వరుసలు దారిలో పడ్డాయి కాబట్టి నిలువు వైపు చూశాను. ఇక్కడ రెండే ఇబ్బందులు.

మొదటిది ఖాళీ గడులు. ఆ పాత ప్రోగ్రామ్ ఒకే తేదీ ఉన్న లాట్లకు తేదీని ఒక్కసారే అచ్చు వేసి, కింద ఖాళీ వదిలేది. ఖాళీ గడికి గుర్తించడానికి ఏమీ ఉండదు. పదాలను వచ్చిన క్రమంలో గడుల్లో పోస్తే లాటు నంబరు వెళ్లి తేదీలో కూర్చుంటుంది, మిగతావన్నీ ఒక గడి ఎడమకు జరుగుతాయి. కాబట్టి గడిని `left` చూసే నిర్ణయించాలి. ప్రతి పేజీ తలకట్టులోని పేర్ల స్థానాలు తీసుకుని, వాటి నడుమ హద్దులు పెట్టాను. అంకెలు కుడికి సర్ది ఉంటాయి కాబట్టి వాటికి ఎడమ అంచు కాక కుడి అంచు, అంటే `left + width` చూడాలి. 94,428, 1,08,790 రెండింటికీ కుడి అంచు ఒకటే.

రెండోది నిలువు గీత. గడుల నడుమ ప్రింటర్ నిలువు గీత వేసింది. అది 22 పక్కన ఆనుకుంటే 122 అవుతోంది. గుణకారం పరీక్షలో టిక్కీలు లేవు కాబట్టి ఇదీ దాక్కుంది. ఈసారి నాకంటే ముందు బాబాయ్ చెప్పారు: "టిక్కీకి నలభై కిలోలు అటూఇటూ ఉండాలి కదా." 9.46 క్వింటాళ్లను 22తో భాగిస్తే 43 కిలోలు. 122తో భాగిస్తే 8 కిలోలు కూడా లేవు. 35కీ 50కీ బయట పడిన వరుసలన్నీ ఎర్రగా చూపించమన్నాను. చదవడానికి ముందే ఫొటోలో ఆ గీతలున్న సన్నని పట్టీలను తెల్లగా కొట్టేశాను. పేజీ చదునుగా, నిటారుగా ఉండబట్టే ఇది కుదిరింది. లేకపోతే తెల్లపట్టీ పైన గీతను, కింద అంకెను తుడిచేది.

లాట్ల కోసం కొత్త పరీక్ష: ఒంటరి లాటు గానీ తలలేని వరుస గానీ ఒక్కటి కనిపించినా పేజీ మొత్తం మళ్లీ తీయాలి. లాటు నంబర్లు ఒక్కొక్కటిగా పెరుగుతూ పోవాలి.

మే 24

మొదటి పుస్తకం 214 పేజీలూ అయ్యాయి. మళ్లీ తీయాల్సి వచ్చినవి ఏడు. నాలుగింటిలో గాజు నొక్కడం మరిచాం, మూడింటిలో బాబాయ్ బొటనవేలు. రిబ్బను సిరా బాగా వెలిసిపోయిన తొమ్మిది పేజీలను ప్రోగ్రామ్ చదవలేదు. వెలుగు ఎంత వాల్చినా లాభం లేకపోయింది. వాటిని బాబాయ్ చదువుతుంటే నేను టైపు చేశాను.

చివరికి ఎర్రగా మిగిలిన వరుస ఒకటే. 117వ పేజీలో 7.83 క్వింటాళ్లు, ధర 12,200, గుణిస్తే 95,526. ప్రోగ్రామ్ 95,000 చదివింది. ఫొటో రెండుసార్లు మళ్లీ తీశాను, అదే వచ్చింది. పుస్తకంలో చూస్తే అచ్చులో 95,000 అనే ఉంది.

బాబాయ్ కళ్లజోడు సర్దుకుని లాటు నంబరు చూశారు, రైతు పేరు చూశారు. "ఇది నేనే వేయించాను. కాయలో తేమ ఉందని ఆ రోజు పెద్ద గొడవ. మాట్లాడుకుని సర్దాం" అన్నారు. ఎరుపు తీసేసి 95,000 అలాగే ఉంచాను.